చిన్నపిల్లల వర్క్‌షీట్: గడి ఎంత, అక్షరం ఎంత, బొమ్మ ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులన్నీ ఒకే కాగితం చుట్టూ తిరుగుతాయి. ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలు బొమ్మలు లెక్కపెట్టి, పక్కన గడిలో అంకె రాసే ఎ4 పేజీ అది. ఈ ఒక్కటి సరిగ్గా కుదిరితే జతపరచడం, దిద్దడం, రంగులు వేయడం లాంటి మిగతా పేజీల కొలతలు మీకే తెలిసిపోతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు బొమ్మలు వెతుక్కోవాలా?

వద్దు. ముందు గడి కొలత తేల్చుకోండి. మనలో చాలామంది ముచ్చటైన బొమ్మలు వెతికి పేజీ నిండా సర్దేసి, చివరికి మిగిలిన కాస్త చోటులో గడి గీస్తాం. బొమ్మ ఎంత చిన్నదైనా పిల్లలు చూడగలరు కానీ, గడి చిన్నదైతే రాయలేరు. అందుకే పేజీలో మొదటి హక్కు గడిదే.

కొలత తేల్చడానికి పుస్తకాలు తిరగేయక్కర్లేదు. గీతలు లేని తెల్లకాగితం ఇచ్చి, పిల్లల్ని 8, 5, 4 రాయమనండి. ఎంత పెద్దగా రాయాలో చెప్పకండి. తర్వాత స్కేలు పెట్టి ఎత్తు కొలవండి. నేను కొలిచిన పిల్లల్లో ఎక్కువమంది అంకెలు 15 నుంచి 22 మిల్లీమీటర్ల మధ్య వచ్చాయి. బాగా పెద్దగా రాసే ఒకరిద్దరిని పక్కన పెట్టి, మిగతావాళ్లలో అతి పెద్ద అంకెకు పైన నాలుగు, కింద నాలుగు మి.మీ. కలపండి. నాకు అది 30 మి.మీ. దగ్గర తేలింది. ఇక్కడి లెక్కలన్నీ ఆ గడితోనే చేశాను. మీ పిల్లలకు వేరే కొలత వస్తే దాన్నే నమ్మండి.

ఒక్క అంకెకు మూడు సెంటీమీటర్ల గడా? మరీ ఎక్కువ కాదా?

పెద్దవాళ్ల కంటికి ఎక్కువే. పిల్లలు రాసేటప్పుడు పక్కన కూర్చుని చూస్తే అలా అనిపించదు. ఈ వయసులో చాలామంది ఇంకా వేళ్లతో రాయరు. మణికట్టు, మోచెయ్యి మొత్తం కదులుతుంది. అంత పెద్ద కదలికతో చిన్న గీత గీయడం కష్టం.

నా మొదటి షీట్‌లో గడి 12 మి.మీ. ఉండేది. ఒక పాప దాంట్లో 8 రాయబోయింది. ఇంకా మెలిక తిప్పి రాయడం రాలేదు కాబట్టి ఒక సున్నా మీద ఇంకో సున్నా పెడుతోంది. పై సున్నాకే గడి నిండిపోయింది. కింది సున్నా గడి దాటి కింది వరసలోకి దిగింది. చెరిపేసింది, మళ్లీ రాసింది, మళ్లీ దాటింది. మూడోసారి కాగితం చిరిగింది. లెక్క మాత్రం ఆమెకు మొదటిసారే సరిగ్గా వచ్చింది, ఎనిమిది అని పైకే చెప్పింది. ఆ పేజీ ఆమె లెక్కను కాదు, చేతిని పరీక్షించింది. అది నా తప్పు.

గడి గీత సన్నగా ఉండాలి, ఒక పాయింట్ చాలు. మరీ లావైతే గడి బొమ్మలా కనిపించి, కొందరు దాన్నే దిద్దడం మొదలుపెడతారు.

అలా అయితే పేజీలో ఎన్ని లెక్కలు పడతాయి?

ఎ4 కాగితం 210 × 297 మి.మీ. నాలుగు వైపులా 15 వదిలితే మనకు మిగిలేది 180 × 267. పైన పేరుకు 22 మి.మీ., దాని కింద బొమ్మల సూచనకు 30. ఒక్కో లెక్కకు 40 మి.మీ. వరస ఇస్తే ఐదు వరసలకు 200 పోతాయి. మొత్తం 252. మిగిలిన 15 మి.మీ.లో అడుగున పెద్దవాళ్ల కోసం ఒక చిన్న వాక్యం, మధ్యలో కాస్త ఖాళీ.

వరస 40, గడి 30 కాబట్టి ఒక గడికీ దాని కింది గడికీ మధ్య 10 మి.మీ. ఖాళీ మిగులుతుంది. అది వృథా కాదు. గడి దాటిన గీత అక్కడ ఆగిపోతుంది, పక్క లెక్కలోకి వెళ్లదు.

ఐదు వరసల్లో మొదటిది నమూనా, అంటే పిల్లలు చేసేవి నాలుగే. ‘నాలుగు లెక్కలకు ఒక కాగితమా’ అని అడిగేవాళ్లు ఉంటారు. పది లెక్కలు కావాలంటే మూడు కాగితాలు ఇవ్వండి గానీ, పదింటినీ ఒకే పేజీలో ఇరికించకండి. ఇరికించిన పేజీలో సగం నుంచి పిల్లలు ఏ గడి ఏ వరసదో తప్పిపోతారు.

వరసలో బొమ్మలు ఎలా పేర్చాలి?

ఐదు వరకూ అయితే ఒకే లైనులో. ఒక్కో బొమ్మ 20 మి.మీ., మధ్య 4 మి.మీ. వదిలితే ఐదు బొమ్మలకు 116 పడుతుంది. కుడివైపు 30 గడి. ఇంకా 34 మి.మీ. మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం బొమ్మలకూ గడికీ మధ్యే ఉంచండి.

ఆరు నుంచి తొమ్మిది వరకూ అయితే బొమ్మను 16 మి.మీ.కి తగ్గించి రెండు లైన్లు చేయండి. పైన ఐదు, కింద మిగతావి. రెండు లైన్లకు మధ్య 4 కలిపి 36 మి.మీ., మన 40 వరసలో సరిపోతుంది. చిందరవందరగా చల్లితే అందంగా ఉంటుంది కానీ, వేలు పెట్టి లెక్కపెట్టే పిల్లలు ఏది లెక్కపెట్టారో మరిచిపోయి అదే బొమ్మను రెండోసారి ముట్టుకుంటారు. చెదిరిన బొమ్మల్ని లెక్కపెట్టడం వేరే పాఠం, దానికి వేరే పేజీ చేయండి.

ఒక వరసలో ఒకే బొమ్మ ఉండాలి. మూడు చేపలు, రెండు బంతులు కలిపి పెడితే ‘చేపలు లెక్కపెట్టాలా, అన్నీనా?’ అన్న ప్రశ్న వస్తుంది. అది అడిగిన పిల్లవాడు తెలివైనవాడు, షీటే తికమకది.

అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి?

పిల్లలు చూడాల్సిన అక్షరాలూ అంకెలూ 28 పాయింట్లకు తక్కువ కాకుండా పెట్టండి. అంగుళానికి 72 పాయింట్లు, అంటే 28 పాయింట్లు సుమారు 10 మి.మీ. కానీ అది అక్షరం ఎత్తు కాదు. ఫాంట్ తయారుచేసేవాళ్లు కొలతగా పెట్టుకునే చోటు అది. అక్షరం తానుగా అంతకంటే చాలా చిన్నది, పైగా ఒక్కో ఫాంట్‌లో ఒక్కోలా ఉంటుంది. అందుకే స్క్రీన్ మీది అంకెను నమ్మకుండా, ఒకసారి ప్రింట్ తీసి ‘క’ ఎత్తు స్కేలుతో కొలవండి. 6 మి.మీ. కంటే తక్కువ వస్తే పాయింట్లు పెంచండి.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ద–ధ, ప–ఫ, ప–ష లాంటి జతల్లో తేడా అంతా ఒక్క చిన్న గీతలోనే ఉంటుంది. పెద్దవాళ్లం మాటను బట్టి ఊహించి చదివేస్తాం, అప్పుడే అక్షరాలు నేర్చుకునేవాళ్లకు ఆ ఊహ ఉండదు. ఆ గీత విడిగా కనిపించేంత పెద్దగా అక్షరం ఉండాలి.

ఏ ఫాంట్ వాడాలి?

గీత మందం అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉండే సాదా ఫాంట్. `Noto Sans Telugu` లేదా `Mandali` బాగా పనికొస్తాయి, రెండూ ఉచితమే. `Ramabhadra` లాంటి లావు ఫాంట్లు శీర్షికకు బాగుంటాయి గానీ, వాటిలో అక్షరం లోపలి ఖాళీ తక్కువ. జిరాక్స్ తీస్తే ఆ కాస్తా పూడుకుపోతుంది.

అంకెల్లో 4 ఒకసారి చూసుకోండి. చేత్తో నేర్పేటప్పుడు చాలామంది పైన తెరిచి ఉన్న 4 నేర్పుతారు, ఫాంట్లలో ఎక్కువగా మూసుకున్న 4 ఉంటుంది. పిల్లలు ‘ఇదేంటి?’ అని ఆగిపోతే కారణం అదే. నమూనాలో అంకెను ఫాంట్‌తో కాకుండా మీ చేత్తో రాసి స్కాన్ చేసి పెడితే ఈ గొడవే ఉండదు.

చదవడం రాని పిల్లలకు సూచన బొమ్మలతో ఎలా చెప్పాలి?

చేయాల్సిన పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో బొమ్మ. మన పేజీలో పని రెండే ముక్కలు: వేలు పెట్టి లెక్కపెట్టడం, గడిలో రాయడం. సూచన పట్టీలో ఎడమవైపు ఒక చేప మీద ఆనిన చూపుడువేలు, కుడివైపు ఖాళీ గడిలో మొన పెట్టిన పెన్సిల్. మధ్యలో చిన్న బాణం. అంతే. ఒక్కో బొమ్మ 25 మి.మీ. ఉంటే 30 పట్టీలో హాయిగా కూర్చుంటుంది.

పెన్సిల్ ఒక్కటే గాల్లో వేలాడేలా పెట్టకండి. అది ‘రాయి’ అని మనకు తెలుసు. పిల్లలకు అది పెన్సిల్ బొమ్మ, అంతవరకే. పెన్సిల్ మొన గడిని తాకితేనే అది పని అవుతుంది. కత్తెర కూడా అంతే, చుక్కల గీత మీద ఉంటేనే ‘ఇక్కడ కత్తిరించు’ అని అర్థమవుతుంది.

ఇంటూ గుర్తుతో జాగ్రత్త. ‘సరిపడని బొమ్మకు ఇంటూ పెట్టు’ అని చెప్పాలనుకుని పక్కన ఇంటూ వేస్తాం. అప్పటికే తమ జవాబుల మీద ఇంటూలు పడ్డ పిల్లలు దాన్ని ‘తప్పు’ అని చదువుతారు, ఆ వరస వదిలేస్తారు. దాని బదులు సరిపడే బొమ్మ చుట్టూ సున్నా చుట్టమనడం మేలు.

ఒకసారి ఒక బొమ్మకు ఒక పని అనుకుంటే ఏడాది పొడవునా అదే. ఈ వారం వేలు బొమ్మ ‘లెక్కపెట్టు’, వచ్చే వారం ‘చూపించు’ అయితే, పిల్లలు నేర్చుకున్నది పోతుంది.

మాటల్లో సూచన అసలు వద్దా?

ఉండాలి, కానీ అది టీచరుకూ అమ్మానాన్నలకూ. ‘వేలు పెట్టి లెక్కపెట్టించండి. అంకెను గడిలో రాయించండి.’ అని పేజీ అడుగున 12 పాయింట్లలో. పైన పెద్ద అక్షరాలతో పెడితే పిల్లలకు అర్థం కాని గీతలు పేజీలో మంచి చోటు ఆక్రమిస్తాయి.

నమూనా వరస పెడితే పిల్లలు అదే అంకెను అన్ని గడుల్లో రాసేస్తున్నారు. ఎందుకు?

ఎందుకంటే ఆ నమూనాలో లెక్కపెట్టడం కనపడలేదు, 3 అనే జవాబు ఒక్కటే కనపడింది. ‘ఓహో, ఇక్కడ 3 రాయాలన్నమాట’ అనుకోవడం వాళ్ల తరఫు నుంచి సబబే.

నమూనా వరసలో మూడు చేపల కింద 1, 2, 3 అని చిన్నగా వేసి, గడిలో 3 పెద్దగా వేయండి. ఎలా వచ్చిందో దారి కనిపిస్తుంది. నమూనా వరస చుట్టూ లేత బూడిద రంగు పట్టీ వేస్తే అది తాము చేయాల్సింది కాదని తెలుస్తుంది. రెండో వరసలో మాత్రం మళ్లీ మూడు బొమ్మలు పెట్టకండి. పెడితే, కాపీ కొట్టిన 3 కూడా కరెక్టే అవుతుంది. ఎవరు లెక్కపెట్టారో ఎవరు చూసి రాశారో మీకు తేలదు.

మూలల్లో పువ్వులు, చిలకలు వేస్తే పేజీ కళగా ఉంటుంది కదా?

ఉంటుంది. నేనూ వేశాను. ఒక షీట్‌లో మూడో వరస చివర ఖాళీగా ఉందని గడి పక్కన ఒక చిలకను కూర్చోబెట్టాను. ఆ వరసలో నాలుగు పిట్టలున్నాయి. దిద్దేటప్పుడు చూస్తే వరసగా అందరి పేపర్లలోనూ 5. మొదట పిల్లల్ని మళ్లీ లెక్కపెట్టించాలనుకున్నాను. ఒక బాబు వేలు పెట్టి చూపించాడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, చివరికి నా చిలక మీద వేలు పెట్టి ‘ఐదు’. వాడి లెక్క తప్పెలా అవుతుంది?

లెక్కల పేజీలో కనిపించే ప్రతి బొమ్మనూ పిల్లలు లెక్కపెడతారు. అలంకారం కావాలంటే పేరు రాసే పట్టీలో పెట్టండి, లెక్కల నుంచి దూరంగా.

అంకెకు బదులు మాట రాయించాలంటే గడి ఎలా ఉండాలి?

ఇక్కడ అక్షరానికో గడి చొప్పున గీయడం చాలామంది చేసే పని. తెలుగుకు అది అంతగా నప్పదు. ‘చెట్టు’ తీసుకోండి. రెండు గడులు గీస్తే, రెండోదాంట్లో ట, దాని కొమ్ము, కింద ట వత్తు మొత్తం పట్టాలి. ‘పుస్తకం’ లో చివరి సున్నకు గడి ఇవ్వాలా వద్దా? ఇస్తే అది అక్షరమనుకుంటారు, ఇవ్వకపోతే కొందరు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేస్తారు. మాటకు ఒకే పొడవాటి గడి ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి.

ఎత్తులో మూడు భాగాలు చూసుకోండి: అక్షరానికి 15 మి.మీ., పైన గుడి, ఏత్వం లాంటి వాటికి 8, కింద వత్తుకు 12. మొత్తం 35. అక్షరం కూర్చునే చోట ఒక లేత గీత గీయండి, వత్తు దాని కిందికి వెళ్తుంది. ఆ గీత లేకపోతే అక్షరాన్ని గడి అడుగునే ఆనించి రాసి, వత్తుకు చోటు లేక పక్కన పెడతారు. వెడల్పు అక్షరానికి 25 చొప్పున లెక్కేసి, వత్తు ఉన్నా సున్న ఉన్నా కొంచెం కలపండి. ‘చెట్టు’ కు 60, ‘పుస్తకం’ కు 100 మి.మీ. సరిపోతాయి.

ఎడమచేత్తో రాసే పిల్లలకు ఏమైనా మార్చాలా?

చూసి రాసే పేజీల్లో మార్చాలి. నమూనా మాట ఎడమవైపు, గడి కుడివైపు ఉంటే, వాళ్లు రాసేటప్పుడు చెయ్యి సరిగ్గా నమూనా మీదే పడుతుంది. ప్రతి అక్షరానికీ చెయ్యెత్తి చూడాలి. నమూనాను గడికి పైన పెడితే ఇద్దరికీ కనిపిస్తుంది, వేరే పేజీ చేయనవసరం లేదు.

వర్డ్‌లో చేస్తుంటే వత్తులు తెగిపోతున్నాయి, బొమ్మలు సన్న చారలా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

రెండింటికీ కారణం ఒకటే. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో `Line spacing` దగ్గర `Exactly` ఉంది. ఆ ఎత్తు దాటినది ఏదైనా, వత్తయినా బొమ్మయినా, కోసేస్తుంది. `Multiple` పెట్టి 1.5 ఇవ్వండి.

`Exactly` పనికొచ్చే చోటు వేరే ఉంది: టేబుల్ వరసల ఎత్తు. మన పేజీని టేబుల్‌గా గీసి, `Table Properties` లో `Row` కింద 4 సెం.మీ. ఇచ్చి `Exactly` ఎంచుకుంటే వరసలు కదలవు. `At least` ఉంటే ఒక్క బొమ్మ కాస్త పెద్దదైనా వరస పెరిగి, ఐదో లెక్క రెండో పేజీలోకి జారుతుంది. లిబ్రేఆఫీస్ వాడేవాళ్లు స్టైల్‌లో సైజు మార్చినా తెలుగు మారకపోతే కంగారు పడొద్దు, తెలుగు సైజు `CTL` భాగంలో విడిగా ఉంటుంది.

స్క్రీన్ మీద సరిగ్గా ఉన్నది ప్రింట్‌లో చిన్నదైపోతోంది.

ప్రింట్ పెట్టెలో `Fit` ఉండి ఉంటుంది, `Actual size` చేయండి. కాగితం ఆదా కోసం ఎ4 మీద రెండు పేజీలు పక్కపక్కన వేస్తే ప్రతిదీ 71 శాతానికి తగ్గుతుంది. 30 గడి 21 అవుతుంది, 28 పాయింట్ల అక్షరం 20 అవుతుంది. ఇంత కొలిచి చేసిందంతా ఆ ఒక్క నొక్కుతో పోతుంది. పేజీ అంచున సరిగ్గా 50 మి.మీ. సన్న గీత ఒకటి వేసి ఉంచుకోండి, ప్రింట్ రాగానే దాన్ని కొలిస్తే చాలు.

రంగుల మీద ఆధారపడే సూచనలు నలుపు తెలుపు జిరాక్స్‌లో పనికిరావు. ఎరుపు, ఆకుపచ్చ రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో రావచ్చు. దిద్దడానికి వేసిన లేత చుక్కలు కూడా రెండో కాపీకి మాయమవుతాయి, అందుకే కాపీ మీద కాపీ తీయకుండా ప్రతిసారీ అసలు పేజీ నుంచే తీయండి.

తప్పు పిల్లలదా, షీట్‌దా అని ఎలా తెలుస్తుంది?

ఐదుగురికి ఇచ్చి, నోరు విప్పకుండా చూడండి. ఒకే వరసలో అందరూ ఒకే తప్పు చేస్తే అది షీట్ తప్పు, నా చిలక లాగ. తప్పులు ఒక్కొక్కరికి ఒక్కోచోట వస్తే అది లెక్క ఇంకా కుదరకపోవడం. జవాబు సరైనదై, గడి చుట్టూ చెరిపిన మరకలుంటే గడి చిన్నది. కాగితం అందుకోగానే మీ ముఖం చూస్తే సూచన బొమ్మ పని చేయలేదు.

గడి ఎప్పుడు తగ్గించవచ్చు?

మూడు నెలలకోసారి మళ్లీ తెల్లకాగితం మీద రాయించి కొలవండి. చాలామంది అంకె 30 గడిలో సగం ఎత్తుకు దిగితే 25 చేయండి, అక్కడ ఇంకో నెల ఆగండి. అందరూ ఒకేసారి దిగరు. ఇద్దరు ముగ్గురికి పాత గడే కావాల్సి వస్తుంది, ఆ పాత ఫైలు తుడిచేయకండి.